కాఫీ కప్పు సగంలో ఉండగానే పరుగు: అది కాఫీ పనా, అలవాటు పనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్ళు. చాలా ఏళ్ళుగా పొద్దున లేవగానే రెండు గ్లాసుల వేడినీళ్ళలో సగం నిమ్మకాయ పిండుకుని తాగుతాను. ఇరవై నిమిషాలయ్యాక పాలు పోసిన కాఫీ. అది సగం అయ్యేసరికే టాయిలెట్‌కి పరిగెత్తాలి. ఇంట్లో ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు, ఊరెళ్తే మాత్రం మూడు రోజులదాకా మోషన్ అవదు. నిమ్మరసం పేగుల్ని కడిగేస్తుందని మా అత్తయ్య అంటారు, ఇదంతా నీ మనసులోనే ఉందని మా ఆయన అంటారు. ఈమధ్య గుండెల్లో మంట వస్తోందని చూపించుకుంటే కాఫీ తగ్గించమన్నారు. కాఫీ మానేస్తే నా కడుపు పూర్తిగా ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇందులో అసలు పనిచేసేది ఏది?

జవాబు: ఆగిపోదు. కాఫీ మానేసిన మొదటి వారం కడుపు కాస్త బద్ధకించవచ్చు, అంతకంటే ఏమీ జరగదు. పెద్దపేగు కదలడానికి కాఫీ ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు, కాఫీ రుచే తెలియని చిన్నపిల్లలకి రోజూ అవుతూనే ఉంది కదా. ఇక అసలు ప్రశ్నకి వస్తే, మీరు రాసిన మూడింటిలో కాఫీ నిజంగానే పనిచేస్తుంది, వేడినీళ్ళు కొద్దిగా పనిచేస్తాయి, నిమ్మరసం దాదాపు ఏమీ చెయ్యదు. మీరు రాయని రెండు మాత్రం ఈ మూడింటికన్నా పెద్దవి: నిద్ర లేవడం, రోజూ అదే వేళకి అదే వరసలో అన్నీ చెయ్యడం. మీ ఆయన మాటలో కొంత నిజం ఉంది గానీ "మనసులోనే" అనడం సరికాదు. అలవాటు కూడా చివరికి నరాల గుండా పేగు మీదకే వస్తుంది, అక్కడ నిజమైన కదలికే పుడుతుంది.

ముందు ఒక అపోహ తీసేసుకుందాం, ఎందుకంటే ఈ విషయంలో సగం గందరగోళం దానివల్లే. పైనుంచి ఏదో పోస్తే అది కిందదాకా పారి, ఉన్నదాన్ని నెట్టుకుంటూ బయటికి వస్తుందని చాలామంది ఊహ. అలా జరగదు. మీరు తాగింది పొట్టలోంచి చిన్నపేగులోకి దిగాలి, చిన్నపేగు దాటడానికే మామూలుగా 2 నుంచి 6 గంటలు పడుతుంది. అంటే ఆరింటికి తాగిన నిమ్మరసం, ఆరూ ఇరవైకి తాగిన కాఫీ, మీరు ఆరున్నరకి టాయిలెట్‌లో కూర్చునేసరికి ఇంకా పెద్దపేగు మొహమే చూడలేదు. ఆ పూట బయటికి వచ్చింది నిన్న తిన్నదో, మొన్న తిన్నదో. పొద్దున తాగినదాని నుంచి కిందికి చేరింది ఒక్క కబురే, అది నరాల ద్వారా, కొన్ని హార్మోన్ల ద్వారా నిమిషాల్లో చేరుతుంది. పదార్థం చేరలేదు.

దీనివల్ల ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. కబురు అందినా అక్కడ సరుకు సిద్ధంగా లేకపోతే ఏమీ రాదు. ముందురోజు సరిగ్గా తినకుండా, నీళ్ళు తాగకుండా, కూరగాయలూ పండ్లూ ముట్టకుండా గడిపి పొద్దున మూడు కప్పుల కాఫీ తాగి "నాకు కాఫీ కూడా పనిచెయ్యట్లేదు" అనేవాళ్ళు తరచూ వస్తుంటారు. పాపం కాఫీ తన పని తాను చేసింది, నెట్టడానికి అక్కడేమీ లేదు.

ఇప్పుడు ఆ కబురు ఎలా పుడుతుందో చూద్దాం. రాత్రంతా పెద్దపేగు దాదాపు విశ్రాంతిలో ఉంటుంది. మీరు నిద్ర లేవగానే, ఇంకా ఏమీ తాగకముందే, దాని కదలిక రెండు మూడు రెట్లు పెరుగుతుంది. సన్నని గొట్టాన్ని పెద్దపేగులోకి పంపి లోపలి ఒత్తిడిని 24 గంటలూ నమోదు చేసిన పరీక్షల్లో ఇది స్పష్టంగా కనిపించింది. రోజు మొత్తంలో అప్పుడప్పుడు, అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో సుమారు ఓ అరడజను సార్లు, పెద్దపేగు పొడవునా బలమైన అల ఒకటి నడిచి లోపలున్నదాన్ని పెద్దపేగు చివర ఉండే పురీషనాళం వైపు తోసుకుపోతుంది. ఈ అలలు ఎక్కువగా వచ్చేది నిద్ర లేచాక, ఆ తర్వాత ఏదైనా తిన్నాక. పొట్టలో ఏదో పడగానే పెద్దపేగు కదలడాన్ని గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. మీ పొద్దుటి కార్యక్రమం సరిగ్గా ఈ రెండూ కలిసే చోట ఉంది. అంటే మీరు నిమ్మకాయ ముట్టకపోయినా ఆ వేళకి పేగు ఎలాగూ సగం సిద్ధంగా ఉంటుంది. పొద్దుటే తాగే ప్రతి పానీయానికీ ఇంత మంచి పేరు రావడానికి పెద్ద కారణం ఇదే. అదే నిమ్మరసం మధ్యాహ్నం మూడింటికి తాగి చూడండి, ఎవరూ పరిగెత్తరు.

కాఫీ సంగతి వేరు, దాన్ని నిజంగానే కొలిచి చూశారు. 1990లో ఇంగ్లండ్‌లో చేసిన ఒక అధ్యయనంలో 99 మంది ఆరోగ్యవంతుల్ని అడిగితే 29 శాతం మంది కాఫీ తాగితే మోషన్‌కి వెళ్ళాలనిపిస్తుందని చెప్పారు. తర్వాత కొందరికి పెద్దపేగు చివరి భాగంలో ఒత్తిడి కొలిచే గొట్టం పెట్టి కాఫీ ఇచ్చారు. ముందే "నాకు పనిచేస్తుంది" అన్నవాళ్ళలో తాగిన 4 నిమిషాల్లోనే కదలిక పెరిగింది, కనీసం అరగంట అలాగే ఉంది. పనిచెయ్యదు అన్నవాళ్ళలో పెరగలేదు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఏమిటంటే, కెఫీన్ తీసేసిన కాఫీ, అంటే డీకాఫ్ ఇచ్చినా పెరిగింది, ఉత్త వేడినీళ్ళు ఇస్తే మాత్రం పెరగలేదు. పాల్గొన్నవాళ్ళు తక్కువే కాబట్టి దాన్నే శాసనంగా పట్టుకోనక్కర్లేదు. అయితే 1998లో అమెరికాలో 12 మంది మీద చేసిన ఇంకో అధ్యయనం కూడా ఇదే దిక్కుకి చూపించింది. 240 మిల్లీలీటర్ల మామూలు కాఫీ పెద్దపేగుని నీళ్ళకన్నా 60 శాతం ఎక్కువగా, డీకాఫ్ కన్నా 23 శాతం ఎక్కువగా కదిలించింది. ఆ కదలిక ఇంచుమించు 1000 కేలరీల భోజనం తెచ్చే కదలికతో సమానం. ఒక కప్పు కాఫీకి, అందులోనూ పాలు, చక్కెర లేని కాఫీకి, అది చాలా ఎక్కువే.

పెద్దపేగుకి శస్త్రచికిత్స జరిగినవాళ్ళలో కూడా దీన్ని వాడి చూశారు. అలాంటి ఆపరేషన్ తర్వాత పేగు కొన్ని రోజులు మొండికేసి కదలదు. 2012లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో నీళ్ళు తాగినవాళ్ళకి మొదటి మోషన్ అవడానికి సగటున 74 గంటలు పడితే, కాఫీ తాగినవాళ్ళకి సుమారు 60 గంటలు పట్టింది. అసలే కదలని పేగు విషయంలో ఇంత తేడా అంటే అది భ్రమ కాదు.

డీకాఫ్ కూడా పనిచేస్తోందంటే కథంతా కెఫీన్‌ది కాదన్నమాట. కాఫీ గింజలో ఉండే ఇతర పదార్థాలు పొట్ట గోడ మీద పనిచేసి గాస్ట్రిన్ అనే హార్మోన్‌ని పెంచుతాయి, డీకాఫ్ కూడా దాన్ని పెంచుతుంది. అదేకాక కోలిసిస్టోకైనిన్ అనే ఇంకో హార్మోన్ పెరగడం కూడా గమనించారు. ఈ రెండూ భోజనం చేసినప్పుడు సహజంగా పెరిగేవే. మరోలా చెప్పాలంటే కాఫీ పొట్టకి "పెద్ద భోజనం వచ్చింది" అని చెబుతుంది, భోజనం రాకపోయినా పెద్దపేగు చోటు చెయ్యడం మొదలుపెడుతుంది. కెఫీన్ దాని పైన కొంత అదనంగా కలుపుతుంది. టీ, ఎనర్జీ డ్రింకులు తాగినవాళ్ళు ఇలా పరిగెత్తరేం అని అడిగేవాళ్ళకి జవాబు చాలావరకు ఇదే, వాటిలో కెఫీన్ ఉంది గానీ కాఫీ లేదు.

మీ కాఫీలో పాలున్నాయి కాబట్టి ఒక మాట. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగనివాళ్ళకి కూడా కాఫీ తర్వాత కడుపు కదులుతుంది, దాన్ని వాళ్ళు కాఫీ ఖాతాలో వేస్తారు. రెండింటినీ విడదీయడానికి పరీక్షలు అక్కర్లేదు, గడియారం చాలు. నాలుగు నిమిషాల నుంచి అరగంట లోపల, గట్టిగా కాకుండా పల్చగా కాకుండా మామూలు మోషన్ అయితే అది పొట్ట పంపిన కబురు. లాక్టోజ్ అయితే అది అరగకుండా పెద్దపేగుదాకా వెళ్ళాలి, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టాలి, అందుకు గంట నుంచి కొన్ని గంటలు పడుతుంది. అప్పుడు కడుపు ఉబ్బరం, గుడగుడలు, గ్యాస్, పల్చటి విరేచనం ఉంటాయి. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకమే. ఇక కప్పు నోటి దగ్గరికి రాకముందే, కాఫీ వాసన తగలగానే, వంటింట్లో చప్పుడు వినగానే కడుపు కదిలితే మాత్రం అది ఏ పదార్థం పనీ కాదు, అచ్చంగా అలవాటు. ఈ మూడు వేళల్నీ గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తాయి.

వేడినీళ్ళకి వద్దాం. రెండు గ్లాసులు అంటే దాదాపు అర లీటరు, ఖాళీ పొట్టలో ఒక్కసారిగా పడితే పొట్ట సాగుతుంది, ఆ సాగుడు వల్ల కొంత రిఫ్లెక్స్ వస్తుంది. అది నిజమే. కానీ అది చిన్నది, చల్లటి నీళ్ళు తాగినా అంతే వస్తుంది. వేడి వల్ల ప్రత్యేకంగా ఏదో కరుగుతుందని, పేగుల్లో అంటుకున్నది వదులుతుందని అంటారు చూడండి, అది ఊహే. మీరు వేడిగా తాగినా చల్లగా తాగినా నీళ్ళు పొట్టలోనే శరీర ఉష్ణోగ్రతకి వచ్చేస్తాయి, అందుకు కొన్ని నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఆ తర్వాత చిన్నపేగులో పీల్చుకుపోతాయి. రోజూ మనం తాగేవి, తినేవాటిలో ఉండేవి, శరీరం తానే ఊరించే జీర్ణరసాలు అన్నీ కలిపి చిన్నపేగులోకి సుమారు 8 లేదా 9 లీటర్ల ద్రవం దిగుతుంది. అందులో పెద్దపేగుకి చేరేది ఒకటిన్నర రెండు లీటర్లు, చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. ఇంత పీల్చుకోగల పేగుకి మీ అర లీటరు ఓ లెక్క కాదు. అది వెళ్ళేది మూత్రంలోకి, గంట తర్వాత ఎక్కడికి వెళ్తున్నారో మీకే తెలుస్తుంది.

అయితే నీళ్ళు దండగ అని నేను అనట్లేదు. ఒంట్లో నీళ్ళు తక్కువైనప్పుడు పెద్దపేగు మలంలోంచి మరింత నీరు లాక్కుంటుంది, అది గట్టిపడుతుంది. రోజంతా సరిగ్గా నీళ్ళు తాగని మనిషికి పొద్దుటి అర లీటరు ఆ లోటుని కొంత పూడుస్తుంది, దాని ఫలితం ఆ పూట కాదు, మర్నాడో ఆ మర్నాడో కనిపిస్తుంది. ఇప్పటికే సరిపడా తాగుతున్నవాళ్ళకి ఇంకో లీటరు కలిపినా మలం మెత్తబడదు. నీళ్ళని మలంలో పట్టి ఉంచేది పీచు. పీచు లేకుండా నీళ్ళు ఎంత తాగినా వచ్చిన దారినే పోతాయి.

ఇక నిమ్మరసం. మీ అత్తయ్యగారితో నేను గొడవ పెట్టుకోదలచుకోలేదు గానీ, కడిగేయడం అనేది జరగట్లేదు. సగం నిమ్మకాయలో వచ్చే రసం ఇరవై మిల్లీలీటర్లు అనుకుంటే అందులో సిట్రిక్ ఆమ్లం గ్రాము పైచిలుకు ఉంటుంది. మీ పొట్ట తానే ఊరించే ఆమ్లం నిమ్మరసం అంత గాఢంగానో, అంతకన్నా ఎక్కువగానో ఉంటుంది, కాబట్టి పులుపు వల్ల పొట్టకి కొత్తగా తెలిసేదేమీ లేదు. చిన్నపేగు మొదట్లోనే క్లోమరసం ఆ ఆమ్లాన్ని చల్లార్చేస్తుంది. మరి విటమిన్ సి? అది ఎక్కువైతే విరేచనాలు అవుతాయన్నది నిజమే, కానీ రోజుకి 2000 మిల్లీగ్రాములు దాటినప్పటి మాట అది. సగం నిమ్మకాయలో ఉండేది సుమారు 10 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక్క పూటలో వంద నిమ్మకాయలు పిండుకోవాలి.

ఈ పేరు నిమ్మకాయకి ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో నాకు తోచింది చెబుతాను. పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ ముందు పేగు ఖాళీ చెయ్యడానికి ఇచ్చే మందుల్లో మెగ్నీషియం సిట్రేట్ ఉన్నవి కొన్ని ఉన్నాయి, పుల్లగా నిమ్మ రుచితో ఉంటాయి, తాగితే కొన్ని గంటల్లో కడుపు నిజంగానే కడిగినట్టు అయిపోతుంది. కానీ అక్కడ పనిచేసేది మెగ్నీషియం. అది సరిగ్గా పీల్చుకోబడక పేగులో నీళ్ళని పట్టి ఉంచుతుంది. అలాగే కొందరు నిమ్మరసంలో చెంచాల కొద్దీ ఉప్పు వేసుకుని లీటరు పైగా గటగటా తాగి "చూశారా, పనిచేసింది" అంటారు. అక్కడ పనిచేసింది ఉప్పు, అదే కారణం చేత. దయచేసి ఈ రెండోది చెయ్యకండి. బీపీ, గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి అంత ఉప్పు ప్రమాదం, ఏ సమస్యా లేనివాళ్ళకి కూడా వాంతులూ, ఒంట్లో లవణాల తేడాలూ తెచ్చిపెడుతుంది.

మీ విషయంలో నిమ్మకాయ గురించి ఇంత రాయడానికి వేరే కారణం ఉంది. గుండెల్లో మంట అన్నారు. మంట ఉన్న మనిషి ఖాళీ పొట్టతో పులుపు తాగి, తర్వాత కాఫీ ఒక్కటే మానెయ్యడం నాకు తలకిందుల పనిగా అనిపిస్తోంది. మోషన్‌కి ఏమీ సాయం చెయ్యనిది, మంటని పెంచే అవకాశం ఉన్నది నిమ్మరసం, పోయేటట్లయితే ముందు అదే పోవాలి. పైగా రోజూ పుల్లటి నీళ్ళు పళ్ళ ఎనామిల్‌ని తినేస్తాయి. ఎప్పుడైనా తాగినా వెంటనే బ్రష్ చెయ్యకుండా మామూలు నీళ్ళతో పుక్కిలించి కనీసం అరగంట ఆగండి.

ఇప్పుడు అలవాటు. పురీషనాళంలోకి మలం దిగినప్పుడు వెళ్ళాలనిపిస్తుంది, అప్పుడు వెళ్ళకపోతే కండరాలు సర్దుకుని ఆ భావన కాసేపట్లో పోతుంది, మలం కొంత వెనక్కి వెళ్ళి అక్కడ ఇంకాస్త నీరు కోల్పోతుంది. ఏళ్ళ తరబడి మీరు ఆ భావన వచ్చిన ప్రతిసారీ, అదే వేళకి, అదే కాఫీ తర్వాత, అదే టాయిలెట్‌లో వెళ్తున్నారు. మెదడు ఆ వరసని నేర్చేసుకుంది. కాఫీ వాసన, మీ ఇంటి నిశ్శబ్దం, తలుపు గడియ పెట్టుకున్న భరోసా, ఇవన్నీ కబురులో భాగమైపోయాయి. ఊరెళ్తే ఏమవుతుందో ఆలోచించండి: లేచే వేళ మారింది, తిన్నది మారింది, నీళ్ళు తగ్గించారు, ఎక్కువసేపు కూర్చునే ఉన్నారు, టాయిలెట్ కొత్తది, బయట ఎవరో ఎదురుచూస్తున్నారు. వెళ్ళాలనిపించిన ఒక్కసారీ "తర్వాత చూద్దాంలే" అనుకున్నారు. ఇంత జరిగాక మూడో రోజున తప్పు నిమ్మకాయ లేకపోవడం మీదకి నెడతాం.

మీ ఒంట్లో దేని వాటా ఎంతో తెలుసుకోవాలంటే ఒకేసారి అన్నీ మార్చకండి, ఒక్కొక్కటి మార్చండి. మొదటి వారం ఏమీ మార్చకుండా రాసుకోవడమే: ఎన్నింటికి లేచారు, ఏది ఎన్నింటికి తాగారు, వెళ్ళాలని ఎన్నింటికి అనిపించింది, ముక్కాల్సి వచ్చిందా, మలం గట్టి ఉండలుగా ఉందా, మెత్తటి అరటిపండులా ఉందా, నీళ్ళలా ఉందా. రెండో వారం నిమ్మరసం తీసేసి, నీళ్ళు అంతే తాగండి. నా అంచనా, ఏ తేడా కనపడదు. మూడో వారం కొన్ని రోజులు కాఫీని డీకాఫ్‌గా మార్చండి, ఇక్కడ మీ ఆయన్ని వాడుకోండి, ఎలాగూ ఆయనకి ఈ విషయంలో ఒక అభిప్రాయం ఉంది. ఏ రోజు మామూలు కాఫీ, ఏ రోజు డీకాఫ్ అనేది ఆయనే నిర్ణయించి, మీకు చెప్పకుండా కలిపి ఇచ్చి, తాను ఒక కాగితం మీద రాసి పెట్టాలి. కెఫీన్ హఠాత్తుగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవ్వచ్చు, మీకు ఏది ఇచ్చారో దాన్ని బట్టి పసిగట్టేస్తారు కూడా, అందుకని రోజు మొత్తం మీద కాఫీ ఎక్కువ తాగేవాళ్ళయితే ముందు కొద్దికొద్దిగా తగ్గించుకుని ఈ వారానికి రండి. నాలుగో వారం కాఫీ వేళకే, అదే కప్పులో, అంతే వేడినీళ్ళు, అదే చోట కూర్చుని.

ఫలితాలు చదవడం కష్టం కాదు. డీకాఫ్ రోజుల్లోనూ మామూలు రోజుల్లోనూ ఒకేలా ఉంటే మీకు కెఫీన్ అవసరం లేదు. వేడినీళ్ళ వారంలో మొదటి రెండు మూడు రోజులు యథావిధిగా అయిపోయి, తర్వాత ఆలస్యం అవడం మొదలైతే, మొదటి రోజులు అలవాటు లాక్కొచ్చింది, తర్వాత కాఫీ లోటు తెలిసింది అని అర్థం. అందుకే ప్రతి వారంలో మొదటి రెండు మూడు రోజుల్ని నమ్మకండి, తర్వాతవి చూడండి. వారమంతా ఏ తేడా లేకపోతే మీ పని చేస్తున్నది లేచే వేళ, అలవాటు, అంతే, కాఫీని నిశ్చింతగా తగ్గించుకోవచ్చు. ఆరింటికి లేస్తే ఆరూ ఇరవై అయిదుకి, ఎనిమిదింటికి లేచిన సెలవురోజున ఎనిమిదీ ఇరవై అయిదుకి వస్తోందా, లేక గడియారంలో ఆరున్నరకే వస్తోందా అన్నది కూడా గమనించండి, మొదటిదైతే లేవడం, తాగడం ముఖ్యం, రెండోదైతే మీ పేగుకి వేళ అలవాటైపోయింది.

కాఫీ పూర్తిగా మానాలని నాకైతే అనిపించడం లేదు. ఖాళీ పొట్టతో కాకుండా టిఫిన్ తిన్నాకో, తింటూనో తాగండి. చాలామందికి మంట అక్కడే సగం తగ్గుతుంది. పేగు వైపు నుంచి చూసినా ఇది మెరుగే, భోజనం తెచ్చే రిఫ్లెక్స్, కాఫీ తెచ్చేది రెండూ ఒకేసారి పడతాయి. తిన్నాక పదిహేను ఇరవై నిమిషాలకి, అనిపించినా అనిపించకపోయినా, వెళ్ళి కూర్చోండి. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని మోకాళ్ళు తుంటికన్నా పైకి వచ్చేలా కూర్చుంటే పురీషనాళం వంపు కాస్త తిన్నగా అవుతుంది. పది నిమిషాలు దాటి కూర్చోవద్దు, ఫోన్ బయట పెట్టండి. ఊళ్ళో కూడా మోసుకెళ్ళాల్సింది ఈ వరసనే: లేచిన గంటలోపు తినడం, తిన్నాక కూర్చోవడం, వెళ్ళాలనిపిస్తే వాయిదా వెయ్యకపోవడం. ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఒక చిన్న డబ్బాలో పెట్టుకుంటే తప్పేమీ లేదు, అది కూడా కాఫీయే. ప్రయాణానికి రెండు రోజుల ముందునుంచీ పీచు, నీళ్ళు తగ్గకుండా చూసుకోండి. అక్కడ అడుగుపెట్టిన రోజున పెంచితే ఆలస్యం, ముందే చెప్పినట్టు ఆ పూట బయటికి వచ్చేది నిన్నా మొన్నా తిన్నదే. పెద్దవాళ్ళకి రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి, ఇప్పుడు తక్కువ తింటుంటే వారం పదిరోజుల్లో మెల్లగా పెంచండి, ఒక్కరోజే పెంచితే గ్యాస్‌తో అల్లాడతారు. ఆహారంతో చాలకపోతే ఇసబ్గోల్ ఒక చెంచాతో మొదలుపెట్టండి, ప్రతి చెంచాకీ పెద్ద గ్లాసు నీళ్ళు తప్పనిసరి, నీళ్ళు లేకుండా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డం పడగలదు.

ఒక రకం మనుషులకి మాత్రం నేను పైన రాసిందేదీ పనికిరాదు, వాళ్ళు మీలాగే ఉత్తరాలు రాస్తారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. కాఫీ తాగితే వెళ్ళాలని గట్టిగా అనిపిస్తుంది, వెళ్ళి కూర్చుంటే రాదు, ఎంత ముక్కినా అడ్డం పడినట్టు ఉంటుంది, వచ్చినా ఇంకా మిగిలే ఉందనిపిస్తుంది, కొందరు వేలితో సాయం చేసుకుంటారు, సిగ్గుపడి చెప్పరు. వీళ్ళలో పైనుంచి వచ్చే కబురు బాగానే ఉంది, కింద మలద్వారం దగ్గర కండరాలు వదులవ్వాల్సిన సమయంలో బిగుసుకుంటున్నాయి. కాఫీ పెంచితే తపన పెరుగుతుంది తప్ప దారి తెరుచుకోదు. దీనికి బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది, జీర్ణకోశ వైద్యుల దగ్గర అడగండి, మందులకన్నా బాగా పనిచేస్తుంది.

మీ సంగతికే వస్తే, వారానికి మూడుసార్లు నుంచి రోజుకి మూడుసార్లు వరకు ఏదైనా మామూలే, అందువల్ల ఊళ్ళో రెండు రోజులు ఆలస్యమైందని కంగారుపడి విరేచనాల మందు వేసుకోకండి. కానీ మలంలో రక్తం కనిపించినా, నల్లగా తారులా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉందని తేలినా, 45 దాటాక ఇన్నేళ్ళ అలవాటు ఉన్నట్టుండి మారి కొన్ని వారాలు అలాగే ఉన్నా, లేదా వాంతులతో పాటు గ్యాస్ కూడా పోకుండా కడుపు ఉబ్బినా, కాఫీ ప్రయోగాలు ఆపి వెంటనే చూపించుకోండి. మంట సంగతి కూడా అంతే, నిమ్మరసం మానేసి, కాఫీని టిఫిన్ తర్వాతకి జరిపి మూడు నాలుగు వారాలైనా తగ్గకపోయినా, మింగుతుంటే అడ్డం పడినట్టున్నా మళ్ళీ ఆ డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, మీరు రాసుకున్న ఆ నాలుగు వారాల కాగితం కూడా పట్టుకెళ్ళండి.